ఎలాగూ కలిపేదే కదా

పదకొండు దాటింది. వదిన పిల్లలు హాల్లో చాప మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు, అత్తయ్య గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు, నాకు మాత్రం కన్ను మూతపడట్లేదు. పెద్ద గొడవేం జరగలేదు. సాయంత్రం పొరలు పొరలుగా ఫలూదా చేశాను, అంతే. వదిన చేతికి గ్లాసు ఇస్తున్నాను, నా వేళ్లు దాన్ని పూర్తిగా వదలనే లేదు, చెంచా అడుగుకంటా దించి గిరగిరా తిప్పేసింది. "ఎలాగూ కలిపేదే కదే, దీనికింత సోకెందుకు?" అంది. అందరూ నవ్వారు, ఈయన కూడా. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

నిన్న రాత్రి నుంచి పని చేశాను దాని కోసం. లీటరు పాలు ముప్పావు వంతుకు వచ్చేదాకా సన్న మంట మీద మరిగించి, మూడు చెంచాల పంచదార వేసి, చల్లారాక మీగడ వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మీగడ వదిలేస్తే అది తునకలు తునకలుగా తేలుతూ ఐస్‌క్రీమ్ పక్కన అసహ్యంగా కనబడుతుంది. రోజ్ సిరప్ మాత్రం వేడి పాలల్లో వెయ్యకూడదు. చాలా సిరప్‌లలో పులుపు కోసం సిట్రిక్ యాసిడ్ ఉంటుంది, వేడి మీద వేస్తే పాలు విరిగిపోవచ్చు. పాలు బాగా చల్లబడ్డాక నాలుగు చెంచాలు కలిపితే లేత గులాబీ రంగు వచ్చి ఊరుకుంటుంది. అడుగున పొయ్యడానికి చిక్కటి సిరప్ విడిగా ఉంచుకున్నాను.

సబ్జా గింజల దగ్గర నాది కూడా ఒక తప్పుంది, అది చెప్పాలి. రెండు టీ చెంచాల గింజలు గ్లాసుడు నీళ్లల్లో వేస్తే పావుగంటకల్లా ఒక్కో గింజ చుట్టూ తెల్లటి జిగురు పొర పట్టి, మధ్యలో నల్ల చుక్కతో అచ్చం కప్ప గుడ్లలా తయారవుతాయి. (తులసి జాతే గానీ మన కోటలోని తులసి గింజలు కావివి.) కొందరు చల్లటి పాలల్లోనే నేరుగా వేసేస్తారు, అలా వేస్తే సరిగ్గా ఉబ్బవు, పంటి కింద ఇసకలా తగులుతాయి. నీళ్లల్లోనే నానబెట్టాలి, నానాక ఆ నీళ్లు వార్చెయ్యాలి. మొదటి గ్లాసుకి నేను తొందరలో వార్చకుండా గరిటెతో తీసి వేసేశాను. గింజలతో వచ్చిన నీళ్లు సిరప్‌లోకి దిగి, ఎర్రగా ఉండాల్సిన అడుగు పాలిపోయి, ఎక్కడ సిరప్ ఆగిందో ఎక్కడ గింజలు మొదలయ్యాయో తెలియకుండా పోయింది. ఆ గ్లాసు నేనే తీసుకున్నాను. మిగతా నాలిగింటికీ టీ జల్లెడలో వేసి, జిగురు తప్ప నీటి చుక్క లేకుండా వార్చాను.

సేమ్యా సంగతి ఇంకోటి. ఉడికిద్దామని వంటింట్లోకి వెళ్లేసరికే నెయ్యి వాసన. అత్తయ్య సగం ప్యాకెట్ నేతిలో ఎర్రగా వేయించి పెట్టారు. "పచ్చి సేమ్యా ఎలా తింటారమ్మాయ్, పిల్లలకి కడుపునొప్పి రాదేటి?" అన్నారు. ఆవిడ ప్రేమగానే చేశారు, నేనేం అనలేదు. కానీ ఇది పాయసం కాదు. వేడి పాయసంలో నెయ్యి కరిగి ఉంటుంది కాబట్టి బాగుంటుంది, చల్లటి పాలల్లో అదే నెయ్యి పేరుకుని పసుపుపచ్చ చుక్కలుగా తేలుతుంది, అంగిలికి మైనంలా అంటుకుంటుంది. రెండుసార్లు వేడినీళ్లు పోసి కడిగినా పూర్తిగా పోలేదు. ప్యాకెట్లో మిగిలిన దాంట్లోంచి రెండు గుప్పెళ్లు తీసి విడిగా ఉడికించాను. నీళ్లు ఎక్కువ పెట్టి, తెర్లుతుండగా వేసి, వేళ్ల మధ్య నొక్కితే లోపల తెల్లటి పలుకు లేదనిపించిన వెంటనే వార్చి, చల్లటి నీళ్లు రెండుసార్లు పోశాను. ఆ నీళ్లు తేటగా వచ్చాయంటే పైన ఉన్న గంజి వదిలినట్టు. గంజి ఉంటే పదినిమిషాల్లో ముద్దకట్టేస్తుంది. ఆ సేమ్యా రెండు గ్లాసులకే వచ్చింది. ఒకటి చిన్నాడికి, రెండోది వదినకి ఇచ్చాను. అన్నిటికన్నా బాగా కుదిరిన గ్లాసు వదినదే. కలిపేసింది కూడా దాన్నే.

ఇంత పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఇందాక పడుకుని ఆలోచిస్తుంటే విజయనగరం గుర్తొచ్చింది. ఇంటర్‌లో చేరిన రోజు. ఫీజు కట్టి, గంట స్తంభం వైపు నడుచుకుంటూ వస్తుంటే నాన్న ఒక కూల్‌డ్రింక్ షాపు ముందు ఆగారు. లోపల నాలుగు బల్లలుండేవి, గోడకి అద్దం, పొడుగు గ్లాసులు బోర్లించిన ట్రే. నాన్న నాకొక్కదానికే ఫలూదా చెప్పి, తను మంచినీళ్లు తాగి కూర్చున్నారు. ఆ షాపాయన గ్లాసు కొద్దిగా వంచి ముందు ఎర్ర సిరప్ పోశాడు, గోడలకి అంటకుండా. తర్వాత సబ్జా. తర్వాత సేమ్యా, కానీ మనం వాడే సేమ్యా కాదది, గాజులా అవతలికి కనిపించే దారాలు. ఉడికించిన కార్న్‌ఫ్లోర్ ముద్దని చక్రాల గొట్టంలో పెట్టి ఐసు నీళ్లల్లోకి వత్తితే అలా వస్తాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అసలు ఫలూదా అంటే ఆ పిండి దారాలే. ఇరాన్‌లో షిరాజ్ వైపు ఇప్పటికీ వాటినే సగం గడ్డకట్టిన పంచదార పాకంలో వేసి, రోజ్ వాటరూ నిమ్మరసంతో తింటారు, పాలే ఉండవు. పాలూ ఐస్‌క్రీమూ మన వైపు వచ్చాక చేరినవి.

ఆయన ఆ దారాల్ని ఊరికే పడెయ్యలేదు. గ్లాసు తిప్పుతూ, రెండు వేళ్లతో సబ్జా మీద చుట్టూ పరిచాడు, ఎక్కడా సందు లేకుండా. ఆ తర్వాత చెంచా బోర్లించి, దాని వీపు మీదుగా పాలు సన్నగా వదిలాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను, పాలు కిందకి దిగలేదు! పంచదార చిక్కదనం వల్ల సిరప్ పాలకన్నా చాలా బరువు, అందుకే అది అడుగునే కూర్చుంటుంది. కానీ పాలు పైనుంచి ధార కట్టి పోస్తే ఆ దెబ్బకి సిరప్ లేచి కలిసిపోతుంది. సేమ్యా పైకప్పులా అడ్డముంటే ఆ దెబ్బ తగలదు, నానిన సబ్జా కూడా పైకి తేలిపోకుండా దాని కిందే ఉంటుంది. ఐస్‌క్రీమ్‌లో గాలి ఉంటుంది కాబట్టి అది ఎలాగూ పైనే తేలుతుంది. ఇవన్నీ నాకప్పుడు తెలియవు, ఆ గ్లాసు మాత్రం కళ్లల్లో ఉండిపోయింది.

నేను చెంచా పెట్టి తిప్పబోతుంటే ఆయన అక్కణ్ణుంచే "కలపకమ్మా, అడుగునించి పైకి తీసుకుని తిను" అన్నాడు. అప్పట్నుంచీ అదే నా పద్ధతి. వదిన మీద ఇంత కోపం రావడానికి కారణం కూడా అదేననుకున్నాను.

కానీ ఆ రోజు చివర జరిగింది ఇప్పుడే గుర్తొచ్చింది, ఇన్నేళ్లూ ఎలా మర్చిపోయానో తెలీదు. నేను ముప్పావు తిని ఇక చాలన్నాను. నాన్న గ్లాసు తన వైపు లాక్కుని, మిగిలినదంతా గలగలా కలిపేసి, రెండు గుక్కల్లో తాగేశారు. "బాగుందమ్మా" అన్నారు, మూతి మీద గులాబీ రంగు మీసంతో. నాకేమీ కోపం రాలేదు. రేపు కూడా వద్దాం నాన్నా అన్నాను.

మరి వదిన కలిపితే కోపం ఎందుకొచ్చింది? పలాస నుంచి ఈ రోహిణి ఎండలో, ఇద్దరు పిల్లలతో, నిలబడి వచ్చింది బస్సులో. దాహంతో ఉన్న మనిషి చేతికి పొరల గ్లాసు ఇచ్చి నెమ్మదిగా తినమంటే ఎలా తింటుంది? తాగుతుంది. ఇది ఒప్పుకుంటాను.

అయినా ఆవిడ అన్న మాట మాత్రం ఒప్పుకోను. ఎలాగూ కలిపేదే అనడం తప్పు. మొదటే అన్నీ కలిపేస్తే ఐస్‌క్రీమ్ నిమిషంలో కరిగి పాలు పలచబడతాయి, సిరప్ తీపి అంతటా ఒకేలా పరుచుకుని నాలుగో గుక్కకే వెగటు పుడుతుంది, సేమ్యా గొంతులోకి జారిపోతుంది గానీ నాలుకకి తగలదు. పొరలుగా ఉంటే చెంచా ఎక్కడిదాకా దించితే అంత తీపి. చిన్నాడు అలాగే తిన్నాడు, వాడికి ఎవరూ చెప్పకుండానే. ముందు ఐస్‌క్రీమ్ గీరుకున్నాడు, తర్వాత సేమ్యా ఒక్కో పోగూ లాగాడు, అడుగుకి వచ్చాక సబ్జా కొరికి ఆగిపోయి, "అత్తా, టిక్కుమంటున్నాయి!" అన్నాడు. గింజల్ని నాలుక మీద పెట్టుకుని వాళ్లక్కకి చూపించాడు.

ఆ మాట విన్నాను, నవ్వాను కూడా, కానీ అప్పటికే మనసంతా వదిన గ్లాసు మీదే ఉంది. గులాబీ రంగు నీళ్లల్లా అయిపోయిన ఆ గ్లాసు. దాన్ని ఆవిడ చివరిదాకా తాగి, చెంచాతో అడుగు గీకి, గ్లాసు సింకులో పెట్టి వెళ్లింది. గీకింది. ఇది రాస్తుంటే గుర్తొస్తోంది.

వదిన వాళ్లకి రేపు మధ్యాహ్నం బస్సు. ఇందాక లేచి ఫ్రిజ్ చూశాను. సబ్జా గిన్నెడు ఉంది, వార్చే ఉంది. పాలు రెండు గ్లాసులకి సరిపోతాయి, ఐస్‌క్రీమ్ డబ్బాలో అడుగున కొంచెం ఉంది. సేమ్యా ప్యాకెట్లో పిడికెడు మిగిలింది. రాత్రే ఉడికిస్తే ముద్దయిపోతుంది, పొద్దున్న అత్తయ్య లేవకముందే లేవాలి. ప్యాకెట్ తీసుకెళ్లి మా గదిలో బీరువా మీద పెట్టాను. వదినకి గ్లాసుతో పాటు చెంచా కూడా నేనే ఇస్తాను, ముందు ఒక్కసారి అడుగునించి తీసుకుని తినమంటాను. తర్వాత కలుపుకుంటే కలుపుకోనీ.