140 మెసేజ్‌ల మధ్యలో కనబడకుండా పోయిన ఒక్క మాట – నా అనుభవం

మా బాబాయి బెంగళూరులో మారతహళ్లి దగ్గర కేటరింగ్ చేస్తారు, ఎక్కువగా మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. శని, ఆదివారాలు ఆయన ఆర్డర్ల లెక్కలు చూసిపెడతాను. పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళి ఆర్డరు వచ్చింది. పెళ్ళివాళ్ళు నాలుగు రోజులపాటు ఫోన్లు చేస్తూ, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడుతూ ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నారు. వాళ్ళు చెప్పిందల్లా నేను ఒక ఏఐ చాట్‌లో ఎప్పటికప్పుడు టైప్ చేస్తూ పోయాను. చివర్లో వంటల చీటీ, సరుకుల లిస్టు దానితోనే తయారు చేయించుకోవచ్చని నా ఆలోచన. నాలుగో రోజుకి ఆ ఒక్క సంభాషణ దాదాపు 140 మెసేజ్‌లైంది.

చీటీ బాగానే వచ్చిందనుకుని ప్రింట్ తీసి ఇంట్లో ఇచ్చాను. పిన్ని ఒక్కసారి చదివి, "పులిహోర అంతా ఒకే గుండిగలో రాశావేంటి? పెళ్ళికొడుకు అక్కగారి అబ్బాయికి వేరుశనగ పడదన్నారు కదరా, వాడిదేది?" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మాట నేను టైప్ చేశాను. ఫోన్‌లో వెనక్కి వెళ్ళి చూస్తే 63వ మెసేజ్‌లో ఉంది. ఆ పిల్లాడికి వేరుశనగ తింటే మొహం వాచి ఊపిరి అందదని వాళ్ళమ్మ చెప్పిన సంగతి అక్షరం పొల్లుపోకుండా అక్కడే ఉంది, చీటీలో మాత్రం లేదు.

ముందు నాకు వచ్చిన అనుమానం అందరికీ వచ్చేదే: సంభాషణ మరీ పొడవై పాత భాగం తెగిపోయిందేమో అని. కానీ చీటీలో మొదటి మెసేజ్‌ల విషయాలు, అంటే హాలు పేరు, ముహూర్తం టైము, పొద్దున టిఫిన్‌కి ఎంతమంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మామూలుగా తెగితే ముందు పోయేది మొదలే. ఇక్కడ మొదలు ఉంది, చివర ఉంది, నడుమ పోయింది. అయినా కొన్ని యాప్‌లు పాత మెసేజ్‌లని లోపల్లోపల క్లుప్తంగా మార్చేస్తాయి, అది బయటికి కనబడదు. అందుకని మొత్తం సంభాషణని ఒక ఫైల్‌గా తీసుకుని, యాప్ లేకుండా ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాములు వాడే దారిలో, నేరుగా ఆ చాట్ వెనకున్న ఏఐ మోడల్‌కి పంపాను. అలా పంపితే ఎన్ని టోకెన్లు, అంటే మోడల్ చదివే మాటల ముక్కలు, వెళ్ళాయో లెక్క చూపిస్తుంది కాబట్టి ఏమీ తెగలేదని ఖాయంగా తెలుస్తుంది. అన్నీ వెళ్ళాయి, చీటీ మళ్ళీ తయారైంది, వేరుశనగ మాట మళ్ళీ లేదు.

అప్పుడు నా ఉద్యోగం నేర్పిన పద్ధతికి వచ్చాను: ఒక్కదాన్నే మార్చి మిగతావన్నీ కదలకుండా ఉంచడం. ఆ వాక్యాన్ని 63వ మెసేజ్ నుంచి తీసేసి, అదే వాక్యాన్ని ఐదు చోట్ల పెట్టి ఐదు ఫైళ్ళు చేశాను, మొదట్లో ఒకటి, పావు దూరంలో ఒకటి, సగంలో ఒకటి, ముప్పావు దూరంలో ఒకటి, చివర్లో ఒకటి. ఒక్కో ఫైల్‌ని పదిసార్లు నడిపాను, ఎందుకంటే అదే ఇన్‌పుట్‌కి ప్రతిసారీ ఒకే జవాబు రాదు. మార్కులు వేసే పద్ధతి కూడా ముందే నిర్ణయించుకున్నాను. చీటీలో వేరుశనగ లేని పులిహోర విడిగా రాసి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా, "పిల్లలకు ప్రత్యేకంగా" లాంటి తేలిపోయిన మాటకి కూడా సున్నానే. మొదట్లో పెట్టినప్పుడు పదికి పది, చివర్లో పెట్టినా పదికి పది. పావు దూరంలో 7, ముప్పావు దూరంలో 6, సగంలో మూడే మూడు. పదిసార్ల పరీక్షలో 7కీ 6కీ తేడా ఉందని నేననను, అది ఊరికే అటూ ఇటూ ఊగడమే కావచ్చు. కానీ 10కీ 3కీ మధ్య తేడాని అలా కొట్టిపారేయలేం.

ఇక్కడ ఇంకో అనుమానం రావాలి, నాకూ వచ్చింది. అసలు "వేరుశనగ పడదు" అన్న మాటని పులిహోరకి ముడిపెట్టడమే దానికి చేతకాదేమో? దాంతో సంభాషణని పదిహేను మెసేజ్‌లకి కుదించి, ఆ వాక్యాన్ని సరిగ్గా నడుమ పెట్టి నడిపాను. పదికి పది. అంటే ముడిపెట్టడం వచ్చు, పొడవు పెరిగి, దాంతోపాటు మాట నడుమ పడ్డప్పుడే పోతోంది.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆ తర్వాత చేసిన పరీక్ష. 140 మెసేజ్‌ల ఫైల్‌లో ఆ మాట సగంలోనే ఉంచి, చీటీకి బదులు "వేరుశనగ ఎవరికి పడదు" అన్న ఒక్క ప్రశ్న పెట్టి నడిపాను. పదికి పది సరైన జవాబు! అంటే అక్కడ ఉందని వెతికితే దొరుకుతోంది. ప్రశ్నలో ఉన్న "వేరుశనగ" అన్న మాటే నడుమ ఉన్న వాక్యంలో కూడా ఉంది కాబట్టి మాటకి మాట తగులుతుంది. చీటీ రాసేటప్పుడు మనం వేరుశనగ ఊసెత్తం, పులిహోర రాసే క్షణంలో 63వ మెసేజ్ దానంతట అదే గుర్తుకు రావాలి. ఆ రెండూ ఒకే పని కాదు. చాలామంది ఒక విషయాన్ని నేరుగా అడిగి చూసి, దొరికింది కాబట్టి మొత్తం బాగా చదివిందని నమ్మేస్తారు. నేనూ రెండో రోజు అలాగే ఒకటి అడిగి చూసి ధీమాగా ఉన్నాను. పొడవాటి సంభాషణని పరీక్షించాలంటే మనకి చివర్లో ఏ పని కావాలో ఆ పనే చేయించి చూడాలి.

ఇది నాకొక్కడికే ఎదురైంది కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్‌, బర్కిలీ పరిశోధకులు మరికొందరితో కలిసి దీన్ని చక్కగా కొలిచారు. ఒక ప్రశ్నకి 20 చిన్న పత్రాలు ఇస్తారు, జవాబు వాటిలో ఒక్కదాంట్లోనే ఉంటుంది, ఆ పత్రం స్థానం మారుస్తూ పోతారు. జీపీటీ-3.5 టర్బో అనే మోడల్‌కి జవాబు మొదటి పత్రంలో ఉన్నప్పుడు దాదాపు 76 శాతం సరిగ్గా వచ్చాయి, చివరి పత్రంలో ఉన్నప్పుడు 63, పదో పత్రంలో ఉన్నప్పుడు 54. గీత గీస్తే గిన్నెలా నడుమ గుంట పడుతుంది. అసలు పత్రాలేవీ ఇవ్వకుండా అడిగితే 56 శాతం వచ్చింది, అంటే జవాబు చేతికిచ్చి నడుమ పెట్టినదానికన్నా ఏమీ ఇవ్వకపోవడమే కాస్త నయమైంది! ఆ తర్వాత వచ్చిన మోడళ్ళు నేరుగా వెతికి చెప్పే పనిలో చాలా మెరుగయ్యాయి, నా ఒక్క ప్రశ్న పరీక్షలో పదికి పది వచ్చింది అందుకే. వెతకమని చెప్పకుండా వాడుకోవాల్సిన పనిలో మాత్రం నా పరీక్షలో గుంట ఇంకా కనబడింది.

ఇది మనం మర్చిపోవడంలాంటిది కాదు. ఏమీ తెగనంతవరకూ, మనం మెసేజ్ పంపిన ప్రతిసారీ మోడల్ ముందు మొత్తం సంభాషణ ఉంటుంది. కానీ తర్వాతి మాట రాసేటప్పుడు ఏ పాత మాటకి ఎంత ప్రాధాన్యం అన్నది ఒక వాటాలాగా పంచుకుంటుంది, అన్ని వాటాలూ కలిపితే నూటికి నూరే కావాలి, సంభాషణ పెరిగేకొద్దీ ఒక్కో మాటకి వచ్చేది పలచబడుతుంది. మొదటి మాటలు తర్వాత వచ్చే ప్రతి మాటకీ కనబడతాయి కాబట్టి వాటికి వాటా గట్టిగా పడుతుంది. చివరి మాటలు దగ్గరగా ఉన్నందుకు పడుతుంది. 63వ మెసేజ్‌కి ఆ రెండింటిలో ఏదీ లేదు. పైగా మూడో రోజు పొద్దున టైప్ చేసినప్పుడు అదే చివరి మెసేజ్, బాగా గుర్తున్నట్టే జవాబు వచ్చింది. నేను తర్వాత ఇంకో 77 మెసేజ్‌లు చేర్చి దాన్ని నడుమకి నెట్టేశాను. నడుమ అనేది ఒకచోట ఉండదు, మనం మాట్లాడేకొద్దీ జరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. తప్పకూడని విషయాలకి విడిగా ఒక చిన్న చీటీ ఉంటుంది, పది పన్నెండు లైన్లకి మించనివ్వను: ఎవరికి ఏది పడదు, ఎవరు ఉల్లి వెల్లుల్లి తినరు, మొత్తం ఎంతమంది. సంభాషణలో కొత్త విషయం రాగానే అక్కడ టైప్ చేయడంతోపాటు ఇందులోనూ రాస్తాను. చివరి పనికి పాత సంభాషణని కొనసాగించను, కొత్తది తెరిచి ముందు ఈ చీటీ, తర్వాత మెనూ, ఆఖర్న మళ్ళీ ఇదే చీటీ పెడతాను. ఈ ఏర్పాటుతో అదే పెళ్ళిని పదిసార్లు నడిపితే పదిసార్లూ పులిహోర విడిగా వచ్చింది.

ఒకచోట మాత్రం ఇదీ దెబ్బతింది. భోజనాలకి మొదట 420 మంది అన్నారు, మూడో రోజు 460 చేశారు. నేను చీటీలో 420 కొట్టేయకుండా కిందే 460 రాశాను, సరుకుల లిస్టు మూడుసార్లు 420కే వచ్చింది. మారిన అంకె ఉన్నప్పుడు పాతది పూర్తిగా చెరిపేయాలి. రెండూ ఉంటే ఏది తీసుకుంటుందో చెప్పలేం. పాత సంభాషణంతా మళ్ళీ చదివి చీటీ తయారు చేయాల్సి వస్తే ఒకేసారి ఇవ్వకుండా ఇరవై మెసేజ్‌ల చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కలోంచి తప్పకూడనివి తీసి, అప్పుడు కలుపుతున్నాను. అరగంట ఎక్కువ పడుతుంది, పట్టనీ.

పెళ్ళిరోజు ఆ పిల్లాడి పులిహోర పిన్నే స్వయంగా చేసింది, వేరే మూకుడు, వేరే గరిటె, నూనె కూడా వేరుశనగ నూనె కాకుండా నువ్వుల నూనె. స్టీలు డబ్బాలో పెట్టి మూత మీద వాడి పేరు రాసి వాళ్ళమ్మ చేతికే ఇచ్చింది. నూనె సంగతి నా చీటీలో లేదు, 140 మెసేజ్‌లలో ఎక్కడా లేదు. ఆ రాత్రే ఇంటికొచ్చి వేరుశనగ లైన్ పక్కన "నూనె కూడా" అని చేర్చాను.