పాస్‌వర్డ్ మార్చినా పోని దొంగ: మెయిల్‌బాక్స్‌లో ఫార్వర్డింగ్ రూల్‌తో నా అనుభవం

విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో ఐటీ చూస్తాను. కంపెనీ పేరు వద్దులెండి. మా అకౌంట్స్ మేడం మైక్రోసాఫ్ట్ 365 మెయిల్‌బాక్స్‌లోకి ఎవడో దూరి కూర్చున్నాడు, వాడిని బయటికి గెంటడానికి మేము పడ్డ పాట్లు ఇవి. ఇంకా కోపం చల్లారలేదు, కాబట్టి మాట కాస్త కటువుగా ఉండొచ్చు.

విషయం బయటపడింది మా గొప్పతనం వల్ల కాదు. విదేశంలో ఉన్న బయ్యర్ తరఫు అకౌంట్స్ ఆయన మా ఎక్స్‌పోర్ట్ మేనేజర్‌కి ఫోన్ చేసి, "మీ బ్యాంకు మారిందటగా, ఈసారి కొత్త అకౌంట్‌కే పంపేయమంటారా?" అని అడిగాడు. మా బ్యాంకు మారలేదు. ముందు మెయిల్‌లోనే అడిగాడట, మేడం పేరుతో అవునని జవాబు కూడా వెళ్లిందట. మేడంకి మాత్రం ఆయన మెయిల్ ఒక్కటీ కనపడలేదు. డబ్బు పంపేముందు ఫోన్ చేయాలనే అలవాటు ఆయనకు ఉండబట్టి బతికిపోయాం.

వెబ్ ఔట్‌లుక్‌లో సెట్టింగ్స్ తెరిచి రూల్స్ చూశాను. మేడం పెట్టుకున్న రూల్స్ మధ్యలో పేరు లేనట్టు ఒకటి కనిపించింది. దగ్గరగా చూస్తే పేరు ఉంది, ఒక్క చుక్క. అంతే. సబ్జెక్టులో గానీ లోపల గానీ invoice, payment, bank, swift అన్న మాటల్లో ఏదున్నా ఆ మెయిల్ కాపీ బయట ఒక అడ్రసుకి పోవాలి, ఇక్కడ చదివినట్టు గుర్తు పడాలి, తర్వాత RSS Feeds ఫోల్డర్‌లోకి వెళ్లిపోవాలి. ఆ ఫోల్డర్‌ని ఎవరు తెరుస్తారు చెప్పండి? తెరిచి చూస్తే బయ్యర్ మెయిల్స్ అన్నీ వరసగా అందులోనే ఉన్నాయి.

స్క్రీన్ మీద కనపడిందే మొత్తం అనుకోకండి. దాచిన రూల్స్ ఉండొచ్చు, పైగా రూల్‌తో సంబంధం లేకుండా మెయిల్‌బాక్స్ మీదే ఫార్వర్డింగ్ పెట్టే చోటు ఇంకొకటి ఉంది. రెండూ పవర్‌షెల్‌లో చూడాలి:

```
Get-InboxRule -Mailbox accounts@example.com -IncludeHidden | Format-List *
Get-Mailbox accounts@example.com | Format-List *Forward*
```

వచ్చినదంతా ఒక ఫైల్‌లో పెట్టుకున్నాను, స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. రూల్ కనపడగానే డిలీట్ కొట్టాలని చెయ్యి లాగేస్తుంది, నాకూ లాగింది. కానీ అందులో ఉన్న బయట అడ్రసే మన దగ్గరున్న మొదటి ఆధారం. అది పోతే ఏ మెయిల్స్ బయటికి వెళ్లాయో వెతకడానికి కొస దొరకదు.

ఇక్కడిదాకా సాఫీగానే నడిచింది. అసలు కథ మా సపోర్ట్ వెండర్‌తో మొదలైంది. మా దగ్గర అన్ని అధికారాలూ ఉండే గ్లోబల్ అడ్మిన్ వాళ్ల చేతిలో ఉంటుంది, నాకు లాగ్స్ చూసే హక్కు, ఎక్స్ఛేంజ్ అడ్మిన్ మాత్రమే. ఎందుకలా అంటే, కాంట్రాక్టు రాసినప్పుడు నేను లేను. టికెట్ పెట్టాను. వాళ్ల ఇంజనీర్ పాస్‌వర్డ్ మార్చాడు, పవర్‌షెల్‌లో ఆ చుక్క రూల్ తీసేశాడు, "ఇష్యూ రిజాల్వ్డ్ సర్" అని టికెట్ మూసేశాడు. పవర్‌షెల్‌తో రూల్ తీసినా, మార్చినా డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌లో మాత్రమే నడిచే రూల్స్ కూడా పోతాయని కమాండ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. మేడం పాత మెయిల్స్‌ని తన కంప్యూటర్‌లోని పీఎస్‌టీ ఫైల్‌లోకి సర్దే రూల్స్ అన్నీ దెబ్బకి ఎగిరిపోయాయి.

మర్నాడు పొద్దున్నే మేడం ఫోన్. "బాబూ, పాస్‌వర్డ్ తప్పంటోంది. నువ్వు రాసిచ్చిందే కొడుతున్నాను." వెండర్ మళ్లీ మార్చాడు. మధ్యాహ్నానికి మళ్లీ అదే పాట. ఈసారి రూల్స్ చూస్తే రెండు చుక్కల పేరుతో కొత్త రూల్ తయారై ఉంది.

ఎండీ గారు గదిలోకి పిలిచారు. స్పీకర్‌లో వెండర్ ఇంజనీర్. "సర్, యూజర్ పాస్‌వర్డ్ మర్చిపోతున్నారు, మా సైడ్ నుంచి ఏం లేదు" అన్నాడు. మేడం ముఖం చూడలేకపోయాను. ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న మనిషి, పైసా తేడా వస్తే రాత్రయినా ఇంటికెళ్లని మనిషి. ఎండీ గారు నా వైపు తిరిగి, "మీ ఐటీ వాళ్లకి ఒక పాస్‌వర్డ్ మార్చడం కూడా చేతకాదా?" అన్నారు. ఎక్స్‌పోర్ట్ మేనేజర్, డ్రైవర్‌తో సహా అందరూ అక్కడే ఉన్నారు. జవాబు నా దగ్గర లేదు. వాడు కొత్త పాస్‌వర్డ్ ఎలా కనిపెడుతున్నాడు? మేడం ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఉందా అని స్కాన్ చేశాను, ఏమీ లేదు. మెషిన్ మార్చి చూశాను, లాభం లేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక, మైక్రోసాఫ్ట్ లాగిన్లన్నీ చూసుకునే ఎంట్రాలో ఆడిట్ లాగ్స్ తెరిచి మేడం పేరు మీద ఫిల్టర్ పెట్టి ఒక్కో వరసా చదివాను. వెండర్ చేసిన రీసెట్లు అడ్మిన్ పేరుతో ఉన్నాయి. మొదటిదాని తర్వాత, మేడం ఇంట్లో నిద్రపోతున్న టైములో, మేడం పేరు మీదే సెల్ఫ్ సర్వీస్ రీసెట్ ఒకటి ఉంది, రెండోదాని తర్వాత ఇంకొకటి. అప్పుడు వెలిగింది. వాడు పాస్‌వర్డ్ కనిపెట్టడం లేదు. లాగిన్ పేజీలో అందరికీ కనపడే "పాస్‌వర్డ్ మర్చిపోయారా" లింకు నొక్కి తనే మార్చుకుంటున్నాడు!

మరి ఓటీపీ ఎక్కడికి వెళ్తోంది? ఇంకా వెనక్కి వెళ్తే, అన్నిటికంటే పాత అనుమానపు లాగిన్ అయిన కొద్దిసేపటికే సెక్యూరిటీ సమాచారం నమోదు చేసిన వరస ఉంది. మేడం పేజీలో ఆథెంటికేషన్ పద్ధతులు చూస్తే ఆథెంటికేటర్ యాప్ రెండు ఫోన్లలో ఉంది. మేడం వాడేది రెడ్‌మీ. రెండోది ఐఫోన్. మా సెట్టింగులో రీసెట్‌కి ఒక్క పద్ధతి ఉంటే చాలని పెట్టారు, కాబట్టి వాడి ఐఫోన్‌లో వచ్చే ఆరంకెల కోడ్ చాలు. మనం ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా వాడికి ఒక నిమిషం పని.

మొదట ఎలా దూరాడంటే, పేమెంట్ అడ్వైస్ అని ఒక లింకు వచ్చింది. అసలు లాగిన్ పేజీకీ మేడంకీ మధ్యలో వాడి సర్వర్ నిలబడి, పాస్‌వర్డ్‌తో పాటు ఆథెంటికేటర్ దాటాక వచ్చే, మళ్లీ లాగిన్ అడక్కుండా లోపలికి రానిచ్చే సెషన్ కుకీని కూడా పట్టేసుకుంది. ఇందులో మేడంని తిట్టేవాళ్లు అలాంటి పేజీ ఒకసారి చూసి మాట్లాడండి. మన కంపెనీ లోగోతో సహా వస్తుంది.

ఆ రాత్రే వెండర్ మేనేజర్‌ని లేపి, లాగ్ ముందుపెట్టి, నేను చెప్పిన వరసలో చేయించాను. ముందు అకౌంట్‌కి సైన్ ఇన్ బ్లాక్. తర్వాత ఆథెంటికేషన్ పద్ధతులన్నీ తీసేయడం, మేడంవి కూడా. తర్వాత సెషన్లు రద్దు:

```
Revoke-MgUserSignInSession -UserId accounts@example.com
```

మళ్లీ పాస్‌వర్డ్ అడక్కుండా లాగిన్‌ని కొనసాగించే రిఫ్రెష్ టోకెన్లను ఇది చంపుతుంది. అప్పటికే చేతిలో ఉన్న యాక్సెస్ టోకెన్ మాత్రం కొన్ని యాప్‌లలో దాదాపు గంటసేపు బతికే ఉండొచ్చు, అందుకే బ్లాక్‌ని వెంటనే ఎత్తేయకూడదు. మేడం అకౌంట్ పేరుతో అనుమతి పొందిన బయటి యాప్‌లు ఉన్నాయేమో కూడా చూశాం, పాస్‌వర్డ్ మారితే అవి పోవు. మా అదృష్టం, ఏమీ లేవు.

ఇంకొక సంగతి, ఇది చాలామందికి తెలియదు. సైన్ ఇన్ బ్లాక్ చేస్తే రూల్ ఆగదు. రూల్ నడిచేది సర్వర్ మీద, మనిషి లాగిన్‌తో దానికి పని లేదు. బ్లాక్ అయ్యాక నా సొంత జీమెయిల్ నుంచి invoice అని సబ్జెక్టు పెట్టి ఒక ఖాళీ మెయిల్ పంపి, ఏ మెయిల్ ఎటు వెళ్లిందో చూపించే మెసేజ్ ట్రేస్ చూశాను. చక్కగా వాడి అడ్రసుకి వెళ్లిపోయింది. కాబట్టి తలుపు మూశాం కదా, రూల్ సంగతి తెల్లారి చూద్దాం అనుకోకండి. కాపీ తీసుకున్న మరుక్షణం రూల్ తీసేయాలి, మెయిల్‌బాక్స్ ఫార్వర్డింగ్ ఉంటే అదీ ఖాళీ చేయాలి:

```
Set-Mailbox accounts@example.com -ForwardingAddress $null -ForwardingSmtpAddress $null -DeliverToMailboxAndForward $false
```

కొత్త పాస్‌వర్డ్ అన్నిటికంటే చివర. దాన్ని మెయిల్‌లో పంపకుండా మేడం చేతికే ఇచ్చాను, ఆథెంటికేటర్ నా ఎదురుగానే ఆమె ఫోన్‌లో మళ్లీ పెట్టించాను. రీసెట్‌కి రెండు పద్ధతులు కావాలని మార్పించాను. దొంగ వచ్చిన ఐపీ అడ్రసులు పట్టుకుని మిగతా ఉద్యోగుల లాగిన్లలో వెతికితే ఇంకెవరికీ తగల్లేదు.

మిగతావి తొందరగానే అయిపోయాయి. మెసేజ్ ట్రేస్‌లో ఆ బయట అడ్రస్ పెట్టి వెతికి, ఏ బయ్యర్ల మెయిల్స్ వెళ్లాయో చూసి, ఒక్కొక్కరికీ పాత నంబర్లకే ఫోన్ చేశాం, మెయిల్ సంతకంలో ఉన్న నంబర్లకి కాదు. డబ్బు పోలేదు కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి పరుగెత్తే పని పడలేదు. పోయి ఉంటే ముందు అదే చేయాలి, బ్యాంకుతో పాటు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి మాత్రం చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. ఈ ముక్క అంటే వెండర్ "అది పెద్ద కంపెనీలకి సర్" అన్నాడు. కాదు. కంపెనీలన్నిటికీ అదే లెక్క.

ఒక ప్రశ్న మిగిలింది. బయటి అడ్రసులకి ఆటోమేటిక్ ఫార్వర్డింగ్‌ని మైక్రోసాఫ్ట్ తన డిఫాల్ట్ సెట్టింగులోనే ఆపేస్తుంది కదా, మా దగ్గర ఎలా వెళ్లింది? అవుట్‌బౌండ్ స్పామ్ పాలసీ తెరిచి చూస్తే ఫార్వర్డింగ్ అందరికీ ఆన్‌లో ఉంది. పాత టికెట్లు తవ్వితే తేలిందేమిటంటే, ఒక డైరెక్టర్ గారికి ఆఫీసు మెయిల్స్ తన జీమెయిల్‌లో కావాలట. ఆయన ఒక్కరికి విడిగా పాలసీ రాయడానికి బద్ధకించి వెండర్ మొత్తం కంపెనీకి తలుపు తీసేశాడు. నేను దాన్ని ఆపించాను. రెండో రోజే డైరెక్టర్ గారి పీఏ వచ్చి, "సార్‌కి జీమెయిల్‌లో మెయిల్స్ రావట్లేదు, పెట్టేయండి" అన్నాడు. ఎండీ గారి సంతకంతో కాగితం మీద రాసి ఇప్పించమన్నాను. ఇంతవరకు ఆ కాగితం రాలేదు.