పళ్లెంలో మిగిలిన అన్నం

విశాఖలో మా ఆసుపత్రి వార్డులోని ఒక పెద్దాయన తిండి లెక్క ఈ వారం ముగించాను. ఆయన బరువు 50 కిలోలు కనుక, కిలోకు 30 కేలరీల చొప్పున రోజుకు 1500 కేలరీలు, 60 గ్రాముల ప్రొటీన్ అవసరమని అంచనా వేసుకున్నాను.

చార్టులో మాత్రం ప్రతి పూటా “భోజనం చేశారు” అని ఉంది. మధ్యాహ్నం పళ్లెం వెనక్కి వచ్చాక తూకం వేస్తే, వడ్డించిన 300 గ్రాముల అన్నంలో 160 గ్రాములు, అంటే సుమారు 200 కేలరీలు, అలాగే మిగిలి ఉన్నాయి. పప్పు కదిపినట్టే లేదు. “రెండు ముద్దలు తినగానే చాలంటున్నారు మేడమ్, మేమే తీసేస్తున్నాం” అని కూతురు చెప్పింది. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలను, పాలను కూడా ఆమెనే అడిగి రాసుకున్నాను, ఎందుకంటే అవి చార్టుకు ఎక్కవు.

స్కాన్ కోసం పరగడుపున ఉంచిన రోజును వదిలేసి మరో రోజు కలిపాను. మూడు రోజులకు 840, 910, 860 వచ్చాయి. సగటు 870, అవసరంలో 58 శాతమే. ప్రొటీన్ అయితే 31 గ్రాములు, సగానికి కాస్త ఎక్కువ. అవసరం కొంత ఎక్కువగా అంచనా వేశానేమోనని కిలోకు 25తో మళ్లీ లెక్కించినా 70 శాతం దాటలేదు, అందుకే చాలడం లేదని నిస్సంకోచంగా రాశాను. అన్నం పెంచితే మిగిలేదే పెరుగుతుంది కనుక, పూటల మధ్య పాలు, గుడ్డు, ప్రొటీన్ పొడి చేర్చి, ఎల్లుండి నుంచి మళ్లీ తూకం మొదలుపెడుతున్నాను.