"నచ్చలేదు" తర్వాత అడిగిన రెండు ప్రశ్నలు: బోర్డ్ గేమ్ లాగ్

ఈసారి లాగ్ మా ఆఫీసు ఫ్రెండ్ ఇంటి గురించి. వాడు, వాళ్లావిడ, వాళ్లక్క, బావగారు కలిసి నలుగురు, ఆదివారం సాయంత్రం గంటలో అయిపోయే ఆట కావాలన్నారు. "సింపుల్‌గా, సరదాగా ఉండాలి" తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. ఇంత తక్కువ సమాచారంతో ఎవరైనా ఇచ్చే జాబితానే నేనూ ఇచ్చాను: కటాన్, టికెట్ టు రైడ్, అజూల్. మూడూ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి డబ్బాలు అక్కడే వదిలేసి వచ్చాను. మూడూ ఆడారు, "పర్లేదు" అన్నారు, ఏదీ రెండోసారి తీయలేదు.

"పర్లేదు" అన్నవాళ్లని "ఎందుకు నచ్చలేదు" అని అడిగితే ఏమీ రాదు, మర్యాదకి "కొంచెం స్లో" అంటారు. అందుకని నేను ఎప్పుడూ అడిగేది ఇదే: ఏ ఆటలో, ఎక్కడికి వచ్చేసరికి ఫోన్ చేతిలోకి వచ్చింది? ఇది అభిప్రాయం కాదు, జరిగిన విషయం కాబట్టి నిజమే చెబుతారు.

బావగారు కటాన్ గురించి చెప్పారు. మొదట్లో ఇళ్లు పెట్టుకున్న చోట ఉన్న అంకెలు ఎంతసేపటికీ పాచికల మీద పడలేదు, సరుకు రాలేదు, తన వంతు వచ్చినా పాచికలు వేసి పక్కవాళ్లకి ఇవ్వడమే అయ్యింది. "నాకు లక్ ఆటలు పడవండి" అన్నారు. ఇక్కడ ఆగిపోతే అదృష్టం ఉన్న ఆటలన్నీ కొట్టేయాలి, కానీ ఈయన పండక్కి కూర్చుంటే తెల్లారేదాకా రమ్మీ ఆడే మనిషి. రమ్మీలో లక్ లేదా? ఉంది, కాకపోతే ముక్కలు చేతికొచ్చాక ఏం చేయాలో మనం ఆలోచిస్తాం. కటాన్‌లో చాలావరకు ముందే ఆలోచించి ఇళ్లు పెట్టేసుకుంటాం, ఆ తర్వాత పాచికలు తీర్పు చెబుతాయి. ఆయనకి పడనిది ఆ రెండో రకం అదృష్టం. అందుకే ఎవరైనా "లక్ వద్దు" అంటే వెంటనే "మరి పేకాట?" అని అడుగుతాను. ఆ ఒక్క మాటతో సగం అయోమయం పోతుంది.

అజూల్ దగ్గర నలుగురిదీ ఒకటే మాట. పలకలు అందంగా ఉన్నాయట గానీ ఎవరి బోర్డులోకి వాళ్లు తల దించుకుని కూర్చున్నారట. (అజూల్‌లో పక్కవాడికి అక్కర్లేని పలకలు అంటగట్టొచ్చు, బాగా ఆడేవాళ్లు అదే చేస్తారు, కానీ మొదటి ఆటలో అది ఎవరికీ కనబడదు.) టికెట్ టు రైడ్‌లో మాత్రం వాళ్లక్క పట్టాలు వేయబోయే దారిని వాళ్లావిడ ముందే ఆక్రమించిందట, ఆ సాయంత్రం మొత్తానికి అందరూ గట్టిగా అరిచింది అప్పుడేనట. నచ్చని ఆటలో నచ్చిన ఆ ఒక్క క్షణాన్ని విడిగా రాసిపెట్టుకున్నాను.

అప్పటికి నా దగ్గర మిగిలిన జాబితా: స్ప్లెండర్, వింగ్‌స్పాన్, క్వాక్స్, కార్కసోన్, పాండెమిక్, కోడ్‌నేమ్స్, స్కల్ కింగ్, ద క్రూ. మొత్తం ఎనిమిది.

ఫోన్ ప్రశ్నకే మూడు ఎగిరిపోయాయి. స్ప్లెండర్, వింగ్‌స్పాన్ రెండూ ఎవరి ముందున్నది వాళ్లు పెంచుకునే ఆటలు. క్వాక్స్‌లో నవ్వులు బాగానే ఉంటాయి, కానీ సంచిలో చెయ్యి పెట్టి తీసిన బిళ్ల మన కుండని పేల్చేస్తుంది, అంటే మళ్లీ ఆలోచన అయ్యాక వచ్చే అదృష్టమే. బావగారు ఒప్పుకోరు.

రెండో ప్రశ్న పాత ఇష్టాల గురించి. "చిన్నప్పుడు ఏ ఆట ఇష్టం" అని అడిగితే నలుగురూ క్యారమ్స్ అన్నారు, ఎవరిని అడిగినా అదే అంటారు, దాంతో జాబితాలో ఒక్కటీ తగ్గదు. అందుకని "ఇప్పటికీ గుర్తున్న ఒక ఆట గురించి చెప్పండి" అంటాను. చెప్పేదాంట్లో అమ్మమ్మగారి ఊరు, మామిడిపళ్లు, అన్నయ్యలు వస్తే వాళ్లకి ఇష్టం ఆ మనుషులు, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. ముక్కలు, ఎత్తులు, ఎవడు ఏం దాచాడు అన్నవి వస్తే చెవి ఒగ్గాలి.

వాళ్లావిడ హాస్టల్‌లో ఆడిన లిటరేచర్ గురించి చెప్పింది. తెలియనివాళ్లకి: పేకలోంచి ఎనిమిదులు తీసేస్తే 48 ముక్కలు, ఆరుగురు రెండు జట్లు, ఎదుటి జట్టులో ఒకరిని పేరు పెట్టి ఫలానా ముక్క ఇమ్మని అడగాలి, ఉంటే ఇచ్చి తీరాలి, లేకపోతే వంతు వాళ్లకి పోతుంది. "ఎవరు ఏం అడిగారో గుర్తుపెట్టుకుని, మనవాళ్ల చేతిలో ఏముందో చూడకుండానే పట్టేయడం ఉంది చూశారూ, అది" అంది. బావగారి రమ్మీ కథ కూడా అలాంటిదే, పక్కాయన ఏ ముక్క ఎత్తాడో చూసి తన జోకర్ పక్క ముక్కని చివరిదాకా బిగబట్టిన వైనం. ఇద్దరికీ కావలసింది దాచిన ముక్కల్ని ఊహించడం.

కార్కసోన్‌లో అంతా బల్ల మీదే, దాచేదేమీ లేదు కాబట్టి పోయింది. పాండెమిక్‌లో సాధారణంగా ముక్కలు కనబడేలా పెట్టుకుని మాట్లాడుకుంటూ ఆడతారు, ఒకరికి ఆట బాగా తెలిస్తే మిగతా ముగ్గురికీ ఏం చేయాలో వాళ్లే చెప్పేస్తారు. మా ఫ్రెండ్ సంగతి నాకు తెలుసు, వాడే చెప్పేస్తాడు. అదీ పోయింది.

మిగిలినవి మూడు. కోడ్‌నేమ్స్‌ని వాళ్లక్క తీసేయించింది. పాత ఇష్టాలు అడిగితే ఆవిడ పాత చిరాకు చెప్పింది, ఇంట్లో స్క్రాబుల్ ఆడితే పరీక్ష రాసినట్టుండేదట. బల్ల మీద 25 ఇంగ్లీషు పదాలు పరిస్తే ఆవిడ మళ్లీ అక్కడికే వెళ్తుంది.

స్కల్ కింగ్, ద క్రూ రెండిటికీ మూలం తురుపు ఆటే. జట్టు ఆనందం లిటరేచర్ కథలో ఉంది కాబట్టి ముందు ద క్రూ ఇచ్చాను. అందరూ ఒకటే జట్టు, కానీ చేతిలో ముక్కల గురించి మాట్లాడకూడదు. ఒక్కో మిషన్‌లో ఒక్కొక్కరు ఒకే ఒక్క ముక్క చూపించి, అది తన దగ్గర ఆ రంగులో పెద్దదా, చిన్నదా, ఉన్నది అదొక్కటేనా అని బిళ్ల పెట్టి చెప్పొచ్చు, అంతే. కాబట్టి మా వాడు పెత్తనం చేద్దామన్నా కుదరదు.

మొదటి నాలుగైదు మిషన్లు మరీ తేలిక, అక్కడే "ఇంతేనా" అనుకునే ప్రమాదం ఉంది, అందుకే పక్కనే కూర్చుని గబగబా దాటించేశాను. తర్వాత ఒక దాంట్లో ఆకుపచ్చ 1 ఉన్న పట్టు వాళ్లావిడకి రావాలి, ఆ ముక్కేమో బావగారి చేతిలో ఉంది. ఆవిడ ఆకుపచ్చ 8 చూపించి బిళ్ల పైన పెట్టింది, అంటే నా దగ్గర ఇదే పెద్దది అని. ఆ 8 తోనే మొదలుపెట్టింది. 9 మా వాడి దగ్గరుంది, వేస్తే పట్టు వాడికి పోతుంది, ఒక్క క్షణం ఆగి 5 వేశాడు. వాళ్లక్క 3 వేసింది, బావగారు 1 విసిరారు. టికెట్ టు రైడ్‌లో వినబడ్డ అరుపు మళ్లీ వినబడింది.

మొత్తం 50 మిషన్లు, ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. బావగారికి మాత్రం అందరూ కలిసి గెలవడంలో కిక్ తక్కువగా ఉందట, ఎవరో ఒకరు ఓడాలంటున్నారు. వచ్చే ఆదివారం స్కల్ కింగ్ తీసుకెళ్తున్నాను.