డివిడెండ్ ఇవ్వని కంపెనీకి ఈక్విటీ వ్యయం: సీఏ ఫైనల్ మిత్రులకు నా ప్రిపరేషన్ అనుభవం

ఫలితాలు వచ్చినప్పటి నుంచి భీమవరం, పాలకొల్లు జూనియర్లు నన్ను ఎక్కువగా అడుగుతున్నది అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ గురించే. మిగతా పేపర్లు అందరూ చదివినట్టే చదివాను, వాటిలో ప్రత్యేకంగా చెప్పదగినది లేదు. ఈ పేపర్‌లో మాత్రం ఈక్విటీ వ్యయం అనే ఒక్క అంశం దగ్గర చాలాకాలం ఆగిపోయాను. ఇంత చిన్న అంశానికి అంత సమయమా అని తోటివారు విసుక్కున్నారు గానీ, ఆ సమయం వృథా కాలేదని నేను ఇప్పటికీ గట్టిగానే చెబుతాను.

డివిడెండ్ వృద్ధి పద్ధతి, సీఏపీఎం, అప్పు వడ్డీకి ప్రీమియం కలిపే పద్ధతి అనే మూడింటి సూత్రాలూ మీకు తెలిసినవే. వాటిని విడివిడి లెక్కల్లో చేయడం మానేసి, ఒకే కంపెనీ మీద మూడింటినీ ప్రయోగించినప్పుడు నాకు విషయం తేటపడింది. అందుకోసం మన ప్రాంతపు రొయ్యల ఎగుమతి వ్యాపారాన్ని దృష్టిలో ఉంచుకొని ఒక కంపెనీని ఊహించుకున్నాను. అది స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదై ఉంది, కానీ దాని షేర్లు చేతులు మారేది అరుదు. వచ్చిన లాభమంతా ప్రాసెసింగ్ ప్లాంటుకూ కోల్డ్ స్టోరేజీకీ పెడుతుంది కనుక డివిడెండ్ ఇవ్వదు. ఈక్విటీ మీద రాబడి 18 శాతం, అప్పు ఈక్విటీలో 0.8 వంతు, అప్పు మీద వడ్డీ 10.5 శాతం, పన్ను 25 శాతం.

మొదటి పద్ధతి Ke = D1/P0 + g. ఇక్కడ D1 సున్నా. లాభం మొత్తం కంపెనీలోనే నిలుస్తుంది కనుక g కూడా 18 శాతమే అవుతుంది, దానితో Ke సైతం 18 శాతమని తేలుతుంది. చూడడానికి ఇది సమాధానంలాగే ఉంటుంది, కానీ ఇందులో మదుపరి ఏమి ఆశిస్తున్నాడన్న సమాచారం ఏమీ లేదు, కంపెనీ తన పుస్తకాల్లో చూపిన రాబడినే తనకు కొలబద్దగా పెట్టుకుంది. మొదటి డివిడెండ్ ఫలానా సంవత్సరంలో వస్తుందని ఊహించి నేటి షేరు ధర నుంచి వెనక్కి లెక్కించవచ్చు గానీ, ఆ సంవత్సరాన్నీ ఆ తరువాతి వృద్ధినీ కాస్త మార్చితే జవాబు కూడా మారిపోతుంది.

సీఏపీఎంకు డివిడెండ్‌తో పని లేదు. రిస్క్ లేని రేటు 7 శాతం, మార్కెట్ రిస్క్ ప్రీమియం 6 శాతం అనుకుందాం. కంపెనీ సొంత షేరు ధరల నుంచి తీసిన బీటా 0.4 అయితే Ke 9.4 శాతం వస్తుంది. ఇక్కడే మూడో పద్ధతి అక్కరకు వస్తుంది. బ్యాంకు తాకట్టు పెట్టించుకొని కూడా 10.5 శాతం అడుగుతుంటే, అందరికీ ఇచ్చిన తరువాత మిగిలినదే దక్కే వాటాదారు అంతకన్నా తక్కువకు ఒప్పుకోడు. షేరు రోజుల తరబడి కదలకపోతే పాత ధరే నమోదవుతూ, మార్కెట్‌తో దానికి సంబంధం తక్కువన్నట్టు కనిపిస్తుంది. బీటా అంత తక్కువగా రావడానికి అదే కారణం.

కనుక బీటాను అదే వ్యాపారంలో ఉండి, షేర్లు చురుకుగా చేతులు మారే కంపెనీల నుంచి తీసుకోవాలి. వాటి సగటు బీటా 0.92, సగటు అప్పు-ఈక్విటీ నిష్పత్తి 0.2, పన్ను అదే 25 శాతం అనుకుంటే, ముందుగా అప్పు ప్రభావాన్ని తీసివేయాలి: 0.92 ÷ (1 + 0.75 × 0.2) = 0.80. తరువాత మన కంపెనీ అప్పును తిరిగి ఎక్కించాలి: 0.80 × (1 + 0.75 × 0.8) = 1.28. అప్పుడు Ke = 7 + 1.28 × 6 = 14.68 శాతం. ఈ రెండు మెట్లూ వదిలేసి 0.92నే వాడితే 12.52 శాతం వస్తుంది. రెండు శాతానికి మించిన ఈ తేడా, చేపట్టకూడని ప్రాజెక్టును చేపట్టించడానికి చాలు.

ఇప్పుడు మూడో పద్ధతితో మళ్లీ సరిచూడండి. వాడుకలో ఉన్న 3 నుంచి 5 శాతం ప్రీమియాన్ని 10.5కు కలిపితే 13.5 నుంచి 15.5 వరకు వస్తుంది, మన 14.68 ఆ హద్దుల్లోనే ఉంది. కలిపేది పన్నుకు ముందున్న వడ్డీకే, ఎందుకంటే వడ్డీ మీద పన్ను ఆదా కంపెనీకి దక్కేదే గానీ అప్పిచ్చినవాడు కోరే రాబడిని తగ్గించేది కాదు. ఆ ప్రీమియానికి అలవాటు తప్ప గట్టి సిద్ధాంతబలం లేదు కనుక ఈ పద్ధతిని సాక్షిగా నిలబెట్టాలి గానీ తీర్పు దానికి అప్పగించకూడదు. డివిడెండ్ లేని కంపెనీకి నా ఎంపిక సీఏపీఎం, అది కూడా ఇలా సర్దుబాటు చేసిన బీటాతోనే. అయితే ఈ సర్దుబాటు సూత్రం అప్పుకు మార్కెట్ రిస్క్ ఏమీ లేదని భావిస్తుంది. అప్పు ఈక్విటీకి రెండు మూడు రెట్లున్న కంపెనీలో ఆ భావన నిలవదు, అక్కడ బీటా అసలుకన్నా ఎక్కువగా తేలుతుందన్న మాటను జవాబులో ఒక వాక్యంగా రాయండి.