మూడు ఫైళ్లు కలిశాయి, మూడు కామెంట్లు మాయమయ్యాయి

మొత్తానికి లెక్క సరిపోయింది! విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు కనిపించే పీతలు, నత్తలు, బార్నకిల్స్ మీద మేం రాస్తున్న వ్యాసం, విడివిడిగా దిద్దిన ముగ్గురి మార్పులతో ఇప్పుడు ఒకే ఫైలులో ఉంది. మాస్టారివి 19 కామెంట్లు, అక్కవి 14, తమ్ముడివి 8. మొత్తం 41, ఒక్కటీ పోలేదు. నిన్న రాత్రి వరకు మాత్రం 38 దగ్గరే ఆగిపోయి ప్రాణం తీసింది.

కలపడం సాఫీగానే జరిగింది. ముగ్గురికీ పంపిన అసలు ఫైలుతో వర్డ్‌లోని Combine ద్వారా మాస్టారిది, వచ్చినదానితో అక్కది, ఆ తర్వాత తమ్ముడిది కలిపాను. ఈ పనికి Compare వద్దు. అది అప్పటికే ఉన్న మార్పులన్నీ ఒప్పుకున్నట్టు లెక్కేసుకుని పోలుస్తుంది కాబట్టి ఎవరి మార్పు ఏదో తెలియకుండా పోతుంది. తమ్ముడు నెట్ సెంటర్లో దిద్దడంతో వాడి పేరు బదులు HP అని పడింది. కలపకముందే ఫైలు లోపలి ఎక్స్ఎంఎల్‌లో పేరు మార్చేశాను.

కలిపిన ప్రతిసారీ కామెంట్లు లెక్కపెట్టాను. .docx ఫైలు నిజానికి జిప్ ఫైలే కాబట్టి టెర్మినల్లో ఇది చాలు:

```
unzip -p kalipina.docx word/comments.xml | grep -o '<w:comment ' | wc -l
```

`w:comment` తర్వాత ఖాళీ తప్పనిసరి, లేకపోతే `w:comments` కూడా లెక్కలో పడుతుంది. `grep -c` పనికిరాదు. అది వరుసలను లెక్కపెడుతుంది, ఈ ఫైలులో కామెంట్లన్నీ సాధారణంగా ఒకే పొడవాటి వరుసలో ఉంటాయి. కామెంటుకు ఇచ్చిన జవాబు కూడా విడి కామెంటుగానే లెక్కకొస్తుంది.

మూడో ఫైలు కలిపాక 41 వచ్చింది. మార్పులన్నీ ఒప్పుకుని శుభ్రమైన ప్రతి చేశాక 38. అంటే కలపడంలో ఏమీ పోలేదు, ఒప్పుకోవడంలో పోయాయి. మొదట జవాబుల గొలుసు తెగిందేమో అనుకున్నాను. కానీ రెండు ఫైళ్లలోని కామెంట్లను పక్కపక్కన పెట్టి చూస్తే, పోయిన మూడూ మాస్టారివే, మూడూ ఒకే పేరాలోవి. ఒకటి, జీవాలను లెక్కపెట్టడానికి రాళ్ల మీద పెట్టే 50 సెంటీమీటర్ల ఫ్రేము ఎందుకు, 25ది సరిపోదా అని. రెండోది, పోటుపాట్ల వేళలు ఏ పట్టిక నుంచి తీసుకున్నారని. మూడోది, బార్నకిల్స్‌ను ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా, ఫ్రేములో ఎంత శాతం పరుచుకున్నాయో రాయమని.

అక్క ఆ పేరా మొత్తం కొట్టేసి కింద కొత్తది రాసింది. రాత బాగుంది, కానీ ఫ్రేము ప్రశ్నకు తప్ప మిగతా రెండింటికీ అందులో జవాబు లేదు. కామెంటు గుర్తు పాత వాక్యాలకు అతుక్కుని ఉంది. కొట్టివేతను ఒప్పుకోగానే మాటలతో పాటు ఆ గుర్తూ, దానితో కామెంటూ పోయాయి. వర్డ్ ఏ హెచ్చరికా ఇవ్వదు. నా మటుకు ఇది పెద్ద లోపం.

కామెంటును కాపీ చేసి కొత్త పేరాకు తగిలిస్తే నా పేరు పడుతుంది, మాస్టారి పేరూ తేదీ పోతాయి. అందుకని వేరే దారి పట్టాను. 41 ఉన్న ప్రతిలో, కామెంటు ఉన్న పాత వాక్యంలో చివరి మాట ఒక్కటే ఎంచుకుని, దాని కొట్టివేతను తిరస్కరించాను. ఆ మాట బతికింది, గుర్తూ బతికింది. ట్రాకింగ్ ఆపేసి ఆ మాట మధ్యలో కర్సర్ పెట్టి, అక్క రాసిన సంబంధిత వాక్యాన్ని అక్కడ అతికించి, కింద ఉన్న జంట వాక్యాన్ని తీసేశాను. తర్వాత పాత అక్షరాలను ఒక్కొక్కటిగా చెరిపాను. మొత్తం ఎంచుకుని చెరిపితే గుర్తు కూడా పోయే ప్రమాదం ఉంది. మూడింటికీ ఇలాగే చేసి, మిగతా మార్పులన్నీ ఒప్పుకుని మళ్లీ లెక్కపెడితే 41!

ఫార్మాటింగ్ మార్పుల్లో వర్డ్ ఒక్కరివే ఉంచుతుంది. అందుకే Combine చేసేటప్పుడు ఫార్మాటింగ్ టిక్ తీసేశాను. శాస్త్రీయ నామాల ఇటాలిక్స్ చివర్లో నేనే చూసుకుంటాను.

వచ్చే విడతకు అక్కతో మాట్లాడాను. పేరా మార్చాలనిపిస్తే కొట్టేయకుండా, కొత్తది కింద రాసి, పాతదానికి "ఇది తీసేయొచ్చు" అని కామెంటు పెడుతుంది. పద్ధతుల భాగాన్ని విడి ఫైలుగా తిప్పాలనీ ఉంది, గొడవంతా అక్కడే కదా. ఈలోగా పోటుపాట్ల పట్టిక వివరం వ్యాసంలో చేర్చాలి. బార్నకిల్స్ శాతం కోసం పాత ఫొటోలు మళ్లీ తిరగేయాలి, ఫ్రేము నాలుగు మూలలూ కనిపించేవి ఎన్ని ఉన్నాయో చూడాలి.