నెమ్మదిగా తిప్పితే లెక్క తప్పే కౌంటర్: నా అనుభవం

మా చక్రం కౌంటర్ బోర్డు నిన్న టెస్టింగ్ పాసైంది. పని చిన్నదే. గీతలు కోసిన చక్రం తిరుగుతుంటే ఒక వైపు ఎల్‌ఈడీ, రెండో వైపు ఫోటోట్రాన్సిస్టర్. దానికి 5 వోల్టుల నుంచి 10 కిలో ఓమ్‌ల పుల్-అప్. అక్కడి సిగ్నల్ నేరుగా 74HC74 ఫ్లిప్-ఫ్లాప్ క్లాక్‌కి వెళ్తుంది. ఫ్లిప్-ఫ్లాప్ దాన్ని రెండుతో భాగించి కౌంటర్‌కి ఇస్తుంది. సోల్డరింగ్, పవర్, కౌంటర్ అన్నీ మొదటిసారే సరిపోయాయి.

మోటార్ వేగంగా తిరిగితే లెక్క కచ్చితంగా వచ్చేది. నెమ్మదించి ఆగబోయేటప్పుడు మాత్రం ఎక్కువ వచ్చేది. రివ్యూలో పెద్దాయన ఒకరు అందరి ముందూ "కోడ్ సరిగ్గా రాయలేదు, డిలే పెట్టండి" అని తేల్చేశారు. "సార్, తప్పు లెక్క కోడ్ దాకా రాకముందే ఫ్లిప్-ఫ్లాప్‌లో పడిపోతోంది" అన్నాను. వినలేదు. ఇప్పటికీ మండుతోంది. ఫ్లిప్-ఫ్లాప్ ఒకసారి స్థితి మార్చాక, అది సిగ్నల్ నిజంగా మారిన అంచుకి మారిందో నాయిస్‌కి మారిందో ఏ కోడూ చెప్పలేదు.

స్కోప్‌లో క్లాక్ పిన్ చూస్తే అంచు నున్నగానే కనిపించేది. అందుకే ఎవరూ నమ్మలేదు. నేను ప్రోబ్‌ని ఫ్లిప్-ఫ్లాప్ అవుట్‌పుట్ మీదికి మార్చి, 10 మైక్రోసెకన్ల కంటే సన్నని పల్స్ వస్తే ఆగేలా పల్స్ విడ్త్ ట్రిగ్గర్ పెట్టాను. వెంటనే దొరికాయి. ఇంకో ఆధారం కూడా దొరికింది. 74HC74 స్థితి మార్చేది క్లాక్ పైకి లేచే అంచులోనే. కానీ ఆ సన్నని పల్సులు సిగ్నల్ కిందికి దిగేటప్పుడు కూడా వచ్చాయి. అంటే దిగుతూ దిగుతూ మధ్యలో మళ్ళీ పైకి లేస్తోందన్నమాట.

లెక్క వేసి చూపించాను. చక్రం ఆగబోయేటప్పుడు ఒక అంచు దాటడానికి సుమారు 5 మిల్లీసెకన్లు పట్టేది, అంటే మిల్లీసెకనుకి ఒక వోల్టు. మోటార్ వల్ల వచ్చే నాయిస్ 200 మిల్లీవోల్టులు. అలాంటప్పుడు సిగ్నల్, ఫ్లిప్-ఫ్లాప్ 0ని 1ని వేరుచేసే వోల్టేజి గీత దగ్గరే దాదాపు 200 మైక్రోసెకన్లు ఊగుతూ ఉంటుంది. నానోసెకన్లలో స్పందించే చిప్‌కి అది చాలా పెద్ద వ్యవధి, ఊగిన ప్రతిసారీ ఒక క్లాక్ అనుకుంటుంది. 4.5 వోల్టుల దగ్గర ఆ చిప్ ఇన్‌పుట్ అంచు 500 నానోసెకన్లు మించకూడదని డేటాషీట్లోనే ఉంది. మనది దానికి పదివేల రెట్లు.

పరిష్కారం మధ్యలో ఒక 74HC14. ఇది ష్మిట్ ట్రిగ్గర్ ఇన్వర్టర్. ఒక గీతకి బదులు రెండు గీతలుంటాయి. పై గీత దాటితే ఒక స్థితి, మళ్ళీ కింది గీత దాటేదాకా ఆ స్థితి మారదు. రెంటి మధ్య దూరం కంటే నాయిస్ తక్కువైతే ఎంత నెమ్మదిగా వచ్చినా ఒక్కటే పదునైన అంచు బయటికొస్తుంది. ఒటో ష్మిట్ ఈ సర్క్యూట్‌ని 1934లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే కనిపెట్టాడు.

పెట్టగానే లెక్క కుదిరింది, కానీ ఒక్క బోర్డు మొండికేసింది. అసలు లెక్కే రాలేదు. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను: డేటాషీట్లో 'టిపికల్' కాలమ్ నమ్మకండి. 4.5 వోల్టుల వరసలో పై గీత టిపికల్ 2.5, కానీ 1.55 నుంచి 3.15 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. కింది గీత టిపికల్ 1.6, కానీ 0.9 దాకా దిగొచ్చు. రెంటి మధ్య దూరం 0.9 అని ఉన్నా హామీ 0.4 వోల్టులకే. 5 వోల్టుల్లో ఇవి కొంచెం పైకి జరుగుతాయి. నా ఫోటోట్రాన్సిస్టర్ వెలుగులో 1.3 వోల్టుల దాకానే దిగేది. మిగతా చిప్‌లకి అది చాలింది. ఆ చిప్ కింది గీత అంతకంటే కింద ఉంది, కాబట్టి ఒకసారి మారాక వెనక్కి రాలేదు.

పుల్-అప్‌ని 22 కిలో ఓమ్‌లు చేశాను. వెలుగులో ట్రాన్సిస్టర్ 0.37 మిల్లీఆంపియర్లు పారించగలదు, 22 కిలో ఓమ్‌లకి అంత అక్కర్లేదు కాబట్టి ఇప్పుడు అది పూర్తిగా తెరుచుకుని 0.2 వోల్టుల దగ్గరికి దిగింది. అంచు ఇంకొంచెం నెమ్మదించింది, ష్మిట్ ఉంది కాబట్టి దానివల్ల నష్టం లేదు. అన్ని బోర్డులూ పాసయ్యాయి.

ష్మిట్ ట్రిగ్గర్‌ని సర్వరోగనివారిణి అనుకోకండి. నాయిస్ 0.4 వోల్టులు దాటే చోట ముందు ఒక రెసిస్టర్, కెపాసిటర్ ఫిల్టర్ కావాలి. స్విచ్ బౌన్స్‌కీ అంతే, ఎందుకంటే అక్కడ సిగ్నల్ రెండు గీతలనూ పూర్తిగా దాటుతూ ఎగురుతుంది. ఇక అంచు శుభ్రమైనా అది వచ్చే వేళ మన చేతిలో లేదు. వేరే క్లాక్‌తో నడిచే సర్క్యూట్‌లోకి దాన్ని పంపాలంటే వరసగా రెండు ఫ్లిప్-ఫ్లాప్‌లు పెట్టాల్సిందే. మా బోర్డులో ఆ రెండూ అలాగే ఉన్నాయి, తీసేయమన్నా నేను తీయనివ్వలేదు.